రెండోసారి చదివినప్పుడే పూర్తిగా తెరుచుకునే నవలలు

ప్రశ్న: నేను విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నాను. చదవవలసిన కొత్త నవలలే ఎన్నో మిగిలి ఉండగా, ఒకసారి చదివేసినదాన్ని మళ్లీ చదవడం దేనికి? కథ తెలిసిపోయాక అందులో ఇంకేం ఉంటుంది? నిజంగా రెండోసారి చదవదగిన తెలుగు నవలలు ఏవి? కొత్తది చదవడానికీ, పాతది మళ్లీ చదవడానికీ తేడా ఏమిటి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం:

చాలా ఏళ్లుగా ఈ ఊళ్లోనే డిగ్రీ విద్యార్థులకు తెలుగు నవల పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి, కొన్ని నవలలను ఇష్టంతోనూ కొన్నింటిని వృత్తిధర్మంగానూ పదేపదే చదవవలసి వచ్చింది. ఆ అనుభవంతోనే మీకు జవాబు రాస్తున్నాను. ముందే ఒక మాట: నేను ఉదాహరణగా తీసుకునే నవలల కథలు ఇందులో బయటపడతాయి. వాటిని మీరు ఇంకా చదవకపోతే, ముందు చదివి ఆ తరువాత ఈ సమాధానానికి రావడం మంచిది.

కొత్త నవల చదివేటప్పుడు మన దృష్టిలో ఎక్కువ భాగం రాబోయే పేజీ మీదే ఉంటుంది. ఈ అమ్మాయి ఏమవుతుంది, ఆ అప్పు తీరుతుందా, అతను మాట నిలబెట్టుకుంటాడా అనే ఆదుర్దా మనల్ని ముందుకు లాగుతూ ఉంటుంది. అది దోషం కాదు. రచయిత కోరుకున్నదీ అదే. అయితే ఆ ఆదుర్దాకు ఒక ఖరీదు ఉంది. ఎవరి భవిష్యత్తు గురించి మనం భయపడుతున్నామో ఆ పాత్ర వెంటే మన చూపు వెళుతుంది. ఆ పక్కనే నిలబడి ఉన్న మనుషులు మనకు అడ్డంగానో, సాయంగానో మాత్రమే కనిపిస్తారు తప్ప, వాళ్లకూ ఒక రోజు, ఒక ఖర్చు, ఒక భయం ఉన్నాయని తోచదు. రెండోసారి చదివేటప్పుడు ముగింపు మనకు తెలుసు. ఆదుర్దా తగ్గినచోట చూపుకు తీరిక దొరుకుతుంది, అప్పుడు మన సానుభూతి ఒక పాత్ర నుంచి మరొక పాత్రకు జరగడం మొదలవుతుంది. ఏ నవలలో ఈ జరుగుబాటుకు రచయిత ముందుగానే చోటు ఉంచారో, ఆ నవల మళ్లీ చదవదగినది. చోటు లేనిది ఎంత ఆసక్తిగా చదివించినా ఒక్కసారితో అయిపోతుంది.

ఈ మాటను ఒక నవల మీద నిలబెట్టి చూపిస్తాను. విశాఖలో ఉన్నవారికి డాక్టర్ పి. శ్రీదేవి రాసిన 'కాలాతీత వ్యక్తులు' కంటే మంచి ఉదాహరణ లేదు. ఆ నవల మన ఊళ్లోనే నడుస్తుంది. ఆమె పుట్టింది పక్కనే అనకాపల్లిలో, 1929లో. వృత్తిరీత్యా వైద్యురాలు. 1957లో 'తెలుగు స్వతంత్ర' పత్రికలో సీరియల్‌గా మొదలైన ఈ నవల ఆమెను తెలుగు సాహిత్యంలో స్థిరంగా నిలబెట్టింది. 1961లో, ముప్పై రెండేళ్లు కూడా నిండకుండానే ఆమె మరణించారు.

కథ ఒక అద్దె ఇంటి చుట్టూ తిరుగుతుంది. ఇందిర చిన్న ఉద్యోగం చేస్తూ, ఏ పనీ చేయని తండ్రి ఆనందరావును పోషిస్తూ ఉంటుంది. ఆ ఇంటి మేడ మీద గదిలో వైద్యవిద్యార్థి ప్రకాశం అద్దెకు ఉంటాడు. కింద ఒక భాగంలోకి చదువుకోవడానికి వచ్చిన కల్యాణి చేరుతుంది. ప్రకాశం స్నేహితుడు కృష్ణమూర్తి డబ్బున్నవాడు, సరదా మనిషి, తరచూ వచ్చి పోతూ ఉంటాడు. ప్రకాశానికి కల్యాణి మీద మనసు మళ్లుతుంది, ఇందిర వైపూ లాగుతుంది. ఏ నిర్ణయం దగ్గరకు వచ్చినా ఇంటి పెద్దలు, ముఖ్యంగా మేనమామ, ఏమంటారోనన్న భయం అతన్ని వెనక్కి పట్టుకుంటుంది. కల్యాణి ఆ ఇల్లు విడిచి వెళ్లవలసి వస్తుంది. తండ్రిని కోల్పోయి, కష్టాలు పడి, తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. ఇందిర చివరకు కృష్ణమూర్తిని పెళ్లి చేసుకుంటుంది.

మొదటిసారి చదివిన పాఠకుల్లో అత్యధికులు కల్యాణి పక్షాన నిలబడతారు. నా తరగతి గదిలో కూడా అది దాదాపు తప్పకుండా జరిగేది. కల్యాణి మితభాషి, అభిమానవతి, ఒంటరిది. ఆమెకు ఏమవుతుందోనని మనకు బెంగగా ఉంటుంది. ఆ బెంగలో ఇందిర మనకు కల్యాణికి ఎదురైన ఆటంకంలా కనిపిస్తుంది. ఆమె మాట కటువుగా ఉంటుంది, నవ్వులో లెక్క ఉంటుంది, తనకు కావలసినదాన్ని మొహమాటం లేకుండా అడుగుతుంది. స్వార్థపరురాలు అని తీర్పు చెప్పి మనం ముందుకు సాగిపోతాం, ఎందుకంటే కల్యాణి గతి తెలుసుకోవాలన్న తొందర మనది.

ఇప్పుడు కల్యాణి ఏ కష్టం నుంచి ఎలా బయటపడిందో తెలిసిన తరువాత పుస్తకాన్ని మళ్లీ మొదటి నుంచి తెరవండి. ఈసారి ఒకే ఒక విషయాన్ని పట్టుకుని చదవమని నేను విద్యార్థులకు చెప్పేవాణ్ణి: ఆ ఇంట్లో ఖర్చు ఎవరు పెడుతున్నారు? ఎవరి తిండికి ఎవరు సంపాదిస్తున్నారు? ఈ ప్రశ్నతో చదవగానే నవల బరువు మరోవైపుకు ఒరుగుతుంది. ప్రకాశం చదువు అతని ఇంటివాళ్లు పంపే డబ్బు మీద నడుస్తోంది. కృష్ణమూర్తికి డబ్బు లోటు ఎప్పుడూ తెలియదు. కల్యాణి మొదట్లో తండ్రి అండతో చదువుకుంటున్నది. ఆ యువతీయువకుల్లో నెల జీతం తెచ్చి ఇంకొకరి కడుపు నింపుతున్నది మొదటి నుంచీ ఇందిర ఒక్కతే. తండ్రి ఉండీ తండ్రి అండ లేని ఇల్లు ఆమెది. మొదటిసారి మనకు కటువుగా వినిపించిన మాటల్లో సగం, ఇంటికి రాగానే లెక్క చూసుకోవలసిన మనిషి మాటలని అప్పుడు తెలుస్తుంది. సుకుమారంగా, మౌనంగా, అభిమానంగా ఉండగలగడానికి వెనక ఎవరో ఒకరు ఉండాలి. ఆ వెసులుబాటు ఇందిరకు లేదు. ఈ మాటను శ్రీదేవి ఎక్కడా ఉపన్యాసంగా చెప్పలేదు. చెప్పకుండా సన్నివేశాల్లో సర్ది ఉంచారు కాబట్టే మొదటిసారి మన కంటికి ఆనలేదు.

అదే చదువులో ప్రకాశం కూడా మారతాడు. మొదటిసారి అతను మంచివాడు, కాస్త మెత్తనివాడు అనిపిస్తాడు. పరిస్థితులు అతనికి అడ్డు తగులుతున్నాయని మనం జాలిపడతాం. రెండోసారి అతను నోరు తెరిచి మాట్లాడవలసిన ఘట్టాలు ఎక్కడెక్కడ వస్తాయో మనకు ముందే తెలుసు కనుక, ఆ ఘట్టం వచ్చేముందు అతను ఏం చేస్తున్నాడో గమనించే అవకాశం దొరుకుతుంది. అతను నిర్ణయాన్ని వాయిదా వేసే తీరు, ఎదుటి మనిషి ముందు మాట్లాడిందాన్ని ఆ మనిషి వెళ్లగానే తనలో తాను సవరించుకునే తీరు మొదటి నుంచీ ఉన్నాయి. చివర్లో అతను వెనక్కి తగ్గడం హఠాత్తుగా జరిగినది కాదు. మేనమామ అతన్ని మార్చలేదు, ఉన్న గుణాన్ని బయటకు తెచ్చాడంతే. ఒక వైద్యురాలు మనిషి బలహీనతను ఇంత ఓపికగా, తిట్టకుండా, క్షమించకుండా పరిశీలించడం నాకు ప్రతిసారీ ఆశ్చర్యాన్ని కలిగిస్తుంది.

కృష్ణమూర్తి విషయంలో జరిగేది దీనికి తలకిందులు. మొదటిసారి అతను ఒక సరదా పాత్ర; కథలో గాలి ఆడటానికి వచ్చినవాడిలా ఉంటాడు. ముగింపు తెలిసి చదివితే, ఇందిరను ఆమె ఉన్నట్టుగా చూసి, ఆమె మాటకు బెదిరిపోకుండా బదులు చెప్పగలిగిన మనిషి అతనేనని మొదటి నుంచీ ఆనవాళ్లు కనిపిస్తాయి. ఆ పెళ్లి కథను ముగించడానికి రచయిత్రి అతికించినది కాదని అప్పుడే నమ్మకం కుదురుతుంది.

ఇక్కడ ఒక చిన్న విషయం. ఈ నవల ఆధారంగా 1963లో ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో 'చదువుకున్న అమ్మాయిలు' సినిమా వచ్చింది. సినిమా చూశాం కాబట్టి కథ తెలుసు, నవల చదివితే అదే రెండోసారి చదవడం అవుతుంది అనుకునేవారు నాకు చాలామంది తారసపడ్డారు. అలా అవదు. సినిమా తన అవసరాలకు తగినట్టు కథను బాగా మార్చుకుంది. నవల్లోని ఇందిరను చూడాలంటే నవలనే రెండుసార్లు చదవాలి.

మన ఊరివాడే అయిన రాచకొండ విశ్వనాథశాస్త్రి 'అల్పజీవి' మరొక రకంగా రెండో పఠనాన్ని కోరుతుంది. ఇందులో సానుభూతి ఒకరి నుంచి ఒకరికి జరగడం తక్కువ. మొత్తం ఒకే మనిషి మెదడులో నడుస్తుంది. సుబ్బయ్య చిన్న గుమాస్తా, పిరికివాడు. ఇంట్లో భార్యకు లోకువ, ఆఫీసులో పైవాళ్లకు లోకువ. బావమరిది అవసరం కోసం గవరయ్య అనే కాంట్రాక్టరు దగ్గర డబ్బు తీసుకుని, ఆ తరువాత ఆ భయంతోనే బతుకుతాడు. మనిషి ఆలోచనలు ఒకదాని వెంట ఒకటి ఎలా వస్తే అలా రాసుకుపోయే చైతన్య స్రవంతి పద్ధతిని తెలుగు నవలలో తొలినాళ్లలో ఇంత గట్టిగా వాడినది ఇదే. మొదటిసారి చదివేవారు సుబ్బయ్య భయంతో పాటు తామూ భయపడుతూ చదువుతారు. ఆ భయం పాఠకుడికి అంటుకోవడం శాస్త్రిగారి విజయం, కానీ దానివల్లే జరిగినదానికీ, సుబ్బయ్య ఊహించుకున్నదానికీ మధ్య ఉన్న గీత మొదటిసారి చెరిగిపోతుంది.

రెండోసారి పెన్సిలు చేత్తో పట్టుకుని, గవరయ్య నిజంగా నోటితో అన్న మాటల కింద ఒక గీత, సుబ్బయ్య తన మనసులో గవరయ్య చేత అనిపించిన మాటల పక్కన ఒక చుక్క పెట్టి చూడండి. కొన్ని పేజీలు పూర్తయ్యేసరికి చుక్కలు గీతలను ఎంతగా మించిపోతాయో మీకే కనిపిస్తుంది. గవరయ్య దుర్మార్గుడు కాడని దీని అర్థం కాదు. అతను ఒక్క మాట విసిరితే చాలు, మిగతా పనంతా సుబ్బయ్యే తనకు తాను చేసుకుంటాడు. ఒక బలహీనుడి మీద బలవంతుడి అధికారం ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఇంతకంటే కచ్చితమైన పద్ధతి ఉందని నేను అనుకోను. విశాఖ కోర్టుల్లో వకీలుగా భయపడిన మనుషులను రోజూ దగ్గరగా చూసిన రచయిత ఆయన. ఆ వాక్యాలను కొన్నిచోట్ల పైకి చదవండి. కళ్లు పరిగెత్తించినచోట నాలుక ఆగుతుంది, ఏ పదం దగ్గర సుబ్బయ్య ఆలోచన దారి మార్చిందో అప్పుడు స్పష్టంగా పట్టుబడుతుంది.

మూడో నవల బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'. ఇది 1946లో 'నవోదయ' పత్రికలో 'ఏకాంతం' పేరుతో మొదలై, తరువాత ఇప్పుడున్న పేరుతో పుస్తకమైంది. ఇందులో నాయకుడు దయానిధి. అతని తల్లి గురించి ఊళ్లో ఒక అపవాదు ఉంది. ఆ నీడ అతని చదువు మీద, పెళ్లి మీద, కోమలి, అమృతం, సుశీల, ఇందిర వంటి స్త్రీలతో అతని సంబంధాల మీద పడుతూనే ఉంటుంది. మొదటిసారి చదివే పాఠకుడు తెలియకుండానే ఒక వేటలో ఉంటాడు: ఇంతకీ ఆ తల్లి ఏం చేసింది? ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట చెబుతారని పేజీలు తిప్పుతాడు. బుచ్చిబాబు ఆ కుతూహలాన్ని తీర్చరు. దానితో కొందరు పాఠకులు అసంతృప్తితో పుస్తకం మూసేస్తారు. ఈ నవల అర్థం కాలేదని నాతో అన్నవారిలో ఎక్కువమందిది ఆ అసంతృప్తే.

ఆ ప్రశ్నకు జవాబు రాదని తెలిసిన రెండో పఠనంలో మనం ప్రశ్ననే మార్చుకుంటాం. తల్లి ఏం చేసిందన్నది వదిలేసి, ఆమె గురించి మాట్లాడుతున్నది ఎవరు, ఏ సందర్భంలో, ఏ లాభం కోసం అని చూడటం మొదలుపెడతాం. అప్పుడు ప్రతి పుకారూ తల్లి గురించి కంటే చెప్పే మనిషి గురించే ఎక్కువ చెబుతుందని తేలుతుంది. ఇంకొంచెం లోతుకు వెళితే ఇబ్బంది కలిగించే మరో సంగతి బయటపడుతుంది. మొదటిసారి మనం చేసిన వేట, ఆ ఊరివాళ్లు చేసిన పని వేరు వేరు కావు; మనమూ వాళ్లలాగే ఆ తల్లి గుట్టు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాం. ఈ అనుభవాన్ని మొదటి పఠనం ఇవ్వలేదు, ఎందుకంటే దానికి మొదటి పఠనమే ముడిసరుకు. నా దృష్టిలో తెలుగులో రెండో పఠనానికి అత్యధిక ఫలితం ఇచ్చే నవల ఇదే. కానీ దీన్ని వెంటనే మళ్లీ చదవవద్దు. ఇరవై ఏళ్లప్పుడు చదివి ఉంటే, మీ సొంత ఇంట్లో కూడా మీకు పూర్తిగా చెప్పని విషయాలు ఉన్నాయని గ్రహించే వయసు వచ్చాక తీయండి.

గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దానిలో రెండో పఠనం మొదలయ్యే చోటు మొదటి అధ్యాయానికి కూడా ముందు ఉంది. ఎందుకు అని ప్రశ్నించడం నేర్పిన తన తండ్రికి, అంటే త్రిపురనేని రామస్వామి చౌదరికి, గోపీచంద్ ఈ నవలను అంకితమిచ్చారు. మొదటిసారి అంకితం పేజీ మీద మన చూపు ఆగదు. కథ తెలిసిన తరువాత ఆ పేజీని చూస్తే అక్కడ ఒక తండ్రి, కథలో మరొక తండ్రి ఎదురెదురుగా నిలబడినట్టు తోస్తుంది. కథలో సీతారామారావు తండ్రి చనిపోతూ కొడుకు మీద వంశప్రతిష్ఠ నిలబెట్టే భారం పెడతాడు. కొడుకు ఆ మాట కోసం ఆస్తినంతా దానం చేసి, ఆ తరువాత తాను చేసినదాన్ని సహించలేక, ప్రతిదానికీ ఎందుకు అని అడుగుతూ శ్మశానం దాకా వెళ్లి ప్రాణం తీసుకుంటాడు. ఆ ప్రశ్న ఒక తండ్రి చిన్నతనంలో నేర్పితే బతికించే సాధనం. ఆజ్ఞలు మోసి మోసి విరిగిన తరువాత ఒంటరిగా నేర్చుకుంటే అదే మనిషిని తినేస్తుంది. ఇది నా అన్వయం, గోపీచంద్ మాట కాదు. అయితే అంకితం పేజీని తెలిసి చదివినవారికి ఈ ఆలోచన రాకుండా ఉండటం కష్టం.

ఇక అందరూ అడిగే 'వేయిపడగలు'. ఈ నవలకు మన ఆంధ్ర విశ్వవిద్యాలయంతో సంబంధం ఉంది. విశ్వవిద్యాలయం పెట్టిన నవలల పోటీలో ఇదీ, అడివి బాపిరాజు రాసిన 'నారాయణరావు' నవలా బహుమతిని పంచుకున్నాయి. విశ్వనాథ సత్యనారాయణ దీన్ని ఇరవై తొమ్మిది రోజుల్లో ఆశువుగా చెబుతుంటే ఆయన తమ్ముడు రాసుకున్నారని ప్రసిద్ధి. ఇంత పెద్ద గ్రంథాన్ని రెండోసారి మొదటి నుంచి చివరి దాకా చదవమని నేను ఎవరికీ చెప్పను. ఆశువుగా చెప్పినది కాబట్టి ఇందులో ఉపాఖ్యానాలు, చర్చలు కథను వదిలి చాలా దూరం తిరిగివస్తాయి. మొదటిసారి అవి కథకు అడ్డుగా అనిపించి విసుగు పుట్టిస్తాయి. నాయకుడు ధర్మారావు కథ తెలిసిన తరువాత ఆ దారి తప్పిన భాగాలనే విడిగా తీసి చదవడం ఈ నవలకు తగిన పునఃపఠనం. విశ్వనాథ భావాలతో మీకు ఏకీభావం లేకపోవచ్చు, నాకూ చాలాచోట్ల లేదు. కానీ ఒక ఊరు, ఒక గుడి, ఒక కోట కలిసి క్షీణించడాన్ని ఆయన చూసిన చూపు ఆ భాగాల్లోనే ఉంది.

ఇప్పుడు మీరు అడగని, కానీ అడగవలసిన ప్రశ్నకు వస్తాను. మీ అల్మారాలో ఉన్న ఒక నవల రెండోసారి చదవదగినదో కాదో ముందే ఎలా తెలుస్తుంది? నా పద్ధతి సులువైనది. కొత్త నవల పూర్తి చేసిన రోజునే, పుస్తకం పక్కన పెట్టకుండా, మొదటి అధ్యాయాన్ని మాత్రం మళ్లీ చదవండి. ముప్పావు గంటకు మించి పట్టదు. ముగింపు ఇంకా మనసులో వేడిగా ఉన్నప్పుడు మొదటి అధ్యాయం ఎలా కనిపిస్తుందో గమనించండి. మొదటిసారి మామూలుగా దాటిపోయిన ఒక మాట, ఒక వస్తువు, ఒక మౌనం ఇప్పుడు వేరే అర్థంతో నిలబడితే ఆ నవలకు రెండో పఠనం ఉంది. పుస్తకం చివరి పేజీలో ఆ మాటను రాసి ఉంచుకోండి. మొదటి అధ్యాయం వట్టి పరిచయంగా, పాత్రల పేర్లూ ఊరూ చెప్పి ముగిస్తే, ఆ నవల మీకు ఇవ్వవలసినది ఇచ్చేసింది, ఎవరికైనా చదవమని ఇచ్చేయవచ్చు.

వారపత్రికల సీరియళ్లుగా వచ్చిన నవలల దగ్గర ఈ పరీక్ష మరీ స్పష్టంగా పనిచేస్తుంది. వారం వారం పాఠకుణ్ణి నిలబెట్టుకోవడానికి ప్రతి భాగం చివర ఒక ముడి వేసి, తరువాతి భాగంలో దాన్ని విప్పడం ఆ రచనలకు అలవాటు. ముడి ఎలా విడిపోతుందో తెలిసిన తరువాత ఆ పేజీల్లో ఏమీ మిగలదు. పైగా గత వారం జరిగినదాన్ని మళ్లీ గుర్తుచేసే వాక్యాలు అడుగడుగునా తగులుతాయి. సీరియల్‌గా వచ్చిన ప్రతిదీ ఇలాంటిదేనని అనలేం. 'కాలాతీత వ్యక్తులు' కూడా సీరియలే. ఆ ముళ్ల అడుగున మనుషులు ఉన్నారు కాబట్టి నిలిచింది.

మళ్లీ చదవడంలో నష్టం లేకపోలేదని కూడా చెప్పాలి. యౌవనంలో గుండెలకు హత్తుకున్న కొన్ని నవలలు నడివయసులో తెరిస్తే వట్టి ఆవేశంగా కనిపిస్తాయి. అటువంటప్పుడు పుస్తకాన్ని నిందించనవసరం లేదు, పాత ఇష్టాన్ని బలవంతంగా నిలుపుకోనవసరమూ లేదు. ఇరవై ముప్పై పేజీల తరువాత మొదటిసారి గీసుకున్న గీతలను చూసి ఇవి ఎందుకు గీశానన్నది అర్థం కాకపోతే ఆపేయడమే మంచిది. మరో పొరపాటు తొందరగా మళ్లీ చదవడం. కథ ఇంకా పూర్తిగా గుర్తున్నప్పుడు కళ్లు వాక్యాల మీద జారిపోతాయి, చదివిన భ్రమ తప్ప కొత్తగా ఏమీ చేతికి రాదు. సన్నివేశాలు గుర్తుండి, మాటలు మరిచిపోయిన దశ సరైనది. పాత్ర పేరు తలుచుకుంటే ముఖం వంటిది మనసులో మెదులుతుంది కానీ ఆమె అన్న వాక్యం గుర్తురాదు, అప్పుడు తీయాలి.

కొత్త పుస్తకాలకు సమయం చాలదన్న మీ ఇబ్బంది నిజమైనదే. నేను చేసే పని ఏమిటంటే, నాలుగైదు కొత్త నవలల తరువాత ఒక పాత నవల. రెండూ ఒకే వారంలో కలపను, ఎందుకంటే వాటి వేగాలు వేరు. కొత్తదాని తొందర పాతదానికి అంటుకుంటే పాతది పాడవుతుంది. పాతదాన్ని రోజుకు ఒక అధ్యాయానికి మించి చదవను, ఒక పఠనానికి ఒకే పాత్రను గానీ ఒకే ప్రశ్నను గానీ పట్టుకుంటాను. మీరు విశాఖలోనే ఉన్నారు కాబట్టి 'కాలాతీత వ్యక్తులు'తో మొదలుపెట్టండి. దొరకకపోతే ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో అడిగి చూడండి. మొదటిసారి కల్యాణి కోసం మామూలుగా చదివి, ఓ ఏడాది ఆగండి. ఆ తరువాత ఇందిర జీతం లెక్కతో మళ్లీ చదవండి. ఆ పఠనం మీకు నచ్చితే తరువాత 'అల్పజీవి'ని పెన్సిలుతో తీయవచ్చు. 'చివరకు మిగిలేది' మాత్రం, మొదటిసారి చదివి చాలా ఏళ్లు అయి ఉంటే తప్ప, ఇప్పుడే ముట్టుకోవద్దు.